‘ఏదైనా అడగండి’ అంటే ఎవరూ అడగరు: ప్రశ్నల ఆహ్వానాన్ని తిరగరాయడం ఎలా?

రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం నడిచే ఒక పేజీ ఉందనుకుందాం. ఇంజినీరింగ్ ప్రవేశాల గురించి బాగా తెలిసిన ఒక విశ్రాంత అధ్యాపకుడిని పిలిచి, తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబులు చెప్పించాలని నిర్వాహకులు అనుకున్నారు. సామాజిక మాధ్యమాల భాషలో దీన్ని ‘ఆస్క్ మీ ఎనీథింగ్’ అంటారు. వారు పెట్టిన ఆహ్వానం ఇలా ఉంది:

“నమస్తే ఫ్రెండ్స్! మీరంతా ఎప్పటి నుంచో అడుగుతున్న సెషన్ వచ్చేసింది. ఈ ఆదివారం సాయంత్రం లైవ్‌లో కలుద్దాం. చదువులు, అడ్మిషన్లు, కెరీర్... ఏదైనా సరే అడగండి. మీ ప్రశ్నలు పంపండి. తప్పకుండా షేర్ చేయండి!”

ఇది మేం ఉదాహరణ కోసం రాసుకున్నదే. అయినా ఇలాంటివి మన ఫోన్లకు వారానికి రెండైనా వస్తుంటాయి. చదివితే తప్పేమీ కనిపించదు. మర్యాదగా ఉంది, ఉత్సాహంగా ఉంది. కానీ రైల్వేలో పనిచేసే ఒక తండ్రి దీన్ని డ్యూటీ మధ్యలో చూశాడనుకోండి. ఆయన కూతురు రాయ్‌పూర్‌లోనే 12వ తరగతి పూర్తి చేసింది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఇంజినీరింగ్ చదవాలనుకుంటోంది. ఆమెను స్థానిక అభ్యర్థిగా చూస్తారా, చూడరా అన్నది ఆయన సందేహం. ఈ ఆహ్వానం చదివాక ఆయనకు మూడు విషయాలు తెలియవు. తన ప్రశ్న ఇక్కడ అడగదగినదేనా? ఆదివారం సాయంత్రం డ్యూటీ ఉంటే ముందే పంపవచ్చా? పంపితే ఎక్కడికి పంపాలి? తెలియనప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, తర్వాత చూద్దామని ఫోన్ జేబులో పెట్టుకోవడం.

ఆయన పోగొట్టుకునేది చిన్నదేమీ కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సీట్లలో 85 శాతం స్థానికులకే కేటాయిస్తారు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అందులో కీలకం. రాష్ట్ర విభజన తర్వాత కొనసాగిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగియడంతో, అప్పటిదాకా చెప్పుకుంటూ వచ్చిన లెక్కలను మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. ఏ ధ్రువపత్రం కావాలో కౌన్సెలింగ్ ముగిశాక తెలిస్తే ఉపయోగం లేదు. అందుకే ఆహ్వానంలోని నాలుగు వాక్యాలు సరిగ్గా ఉండాలి.

రాయ్‌పూర్‌లోనే ఉన్న నమూనా

ప్రశ్నలను ఆహ్వానించే ప్రకటన ఎలా ఉండాలో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రిగా భూపేశ్ బఘేల్ 2019 ఆగస్టు 11న ఆకాశవాణిలో ‘లోక్‌వాణి’ అనే నెలవారీ కార్యక్రమం మొదలుపెట్టారు. జనం అడిగిన ప్రశ్నలకు ముఖ్యమంత్రి జవాబు చెప్పడం అందులో ప్రధానం. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం 10.30కు ప్రసారమయ్యేది. ప్రతి విడతకూ ముందుగా ఒక ప్రకటన వచ్చేది. ఈసారి విషయం ఇది, ప్రశ్నలను ఫలానా తేదీల్లో మధ్యాహ్నం 3 నుంచి 4 గంటల మధ్య ఫలానా రాయ్‌పూర్ నంబర్లకు ఫోన్ చేసి రికార్డు చేయించవచ్చు, ప్రసారం ఫలానా రోజు అని అందులో ఉండేది.

ఆ ప్రకటనలో అలంకారం ఏమీ ఉండదు. కానీ బస్తర్‌లో ఉన్న రైతుకు కూడా తాను ఏం చేయాలో తెలుస్తుంది. ముఖ్యంగా గమనించాల్సింది, అందులో రెండు వేర్వేరు సమయాలు ఉండటం. ప్రశ్న పంపే సమయం వేరు, జవాబు వినే సమయం వేరు. మన పేజీల్లో కనిపించే ఆహ్వానాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. “ఆదివారం సాయంత్రం” అంటే అప్పుడు ప్రశ్న పంపాలా, అప్పటికే పంపి ఉండాలా అన్నది చదివినవారికి తేలదు. ఆ గంటలో ఫోన్ పట్టుకుని కూర్చోగలిగినవారే అడుగుతారు. డ్యూటీలో ఉన్నవారు, వంటింట్లో ఉన్నవారు, సిగ్నల్ సరిగా లేని చోట ఉన్నవారు మిగిలిపోతారు.

అలాగని లోక్‌వాణి ప్రకటనల్లో అన్నీ ఆదర్శం కావు. విషయానికి పెట్టే పేర్లు నినాదాల్లా ఉండేవి. పట్టణాల మీద చేసిన విడతకు ‘నగరీయ వికాస్ కా నయా దౌర్’, అంటే పట్టణాభివృద్ధిలో కొత్త దశ అని పేరు పెట్టారు. వినడానికి బాగుంది. కానీ తమ వీధికి కుళాయి ఎప్పుడొస్తుంది, ఆస్తి పన్ను ఎందుకు పెరిగింది అని అడగాలనుకునేవారికి, అవి ఆ పేరు కిందికి వస్తాయో రావో తెలియదు. విషయం చెప్పడం వేరు, విషయానికి శీర్షిక పెట్టడం వేరు. మన ఆహ్వానాన్ని తిరగరాయడం అక్కడి నుంచే మొదలుపెడదాం.

విషయం: ఎవరికి, దేని మీద, ఎంతవరకు

‘ఏదైనా అడగండి’ అన్న మాట ఉదారంగా కనిపిస్తుంది కానీ, అడిగేవారికి అది సాయం చేయదు. ఒక పెద్దమనిషిని చూపించి ‘ఏదైనా అడుగు’ అంటే పిల్లవాడు నోరు మెదపడు. ‘నీ లెక్కల పరీక్ష గురించి అడుగు’ అంటే మాట్లాడతాడు. పెద్దల విషయంలోనూ అంతే. పరిధి తెలిస్తేనే ప్రశ్న రూపం తీసుకుంటుంది.

ఇంకో చిక్కు, ఆ మాటను నిజంగానే నమ్మేవారు ఉంటారు. 2012 ఫిబ్రవరిలో హాలీవుడ్ నటుడు వుడీ హారెల్సన్ రెడిట్‌లో ఇలాంటి ప్రశ్నోత్తరాలకు వచ్చారు. ఆ వేదిక సంప్రదాయం ప్రకారం ఏదైనా అడగవచ్చు. ఆయన వచ్చింది మాత్రం ‘రాంపార్ట్’ అనే తన సినిమా ప్రచారం కోసం. సొంత విషయాలు అడుగుతుంటే, సినిమా మీదే ప్రశ్నలు వేయమని కోరారు. అడిగేవారికి కోపం వచ్చింది, ఆ సంభాషణ మొత్తం ఎగతాళి పాలైంది. ఇప్పటికీ ఇలాంటి కార్యక్రమం ఎలా చేయకూడదో చెప్పడానికి దాన్నే చూపిస్తారు. సినిమా గురించే మాట్లాడాలనుకోవడం తప్పు కాదు. ఆ మాట ముందే చెప్పకపోవడం తప్పు. మీరు ఏదైనా చెప్పడానికి సిద్ధంగా లేకపోతే ‘ఏదైనా’ అన్న మాట రాయకండి.

మన ఉదాహరణలో ‘చదువులు, అడ్మిషన్లు, కెరీర్’ అన్న మూడు మాటలూ విషయాన్ని చెప్పడం లేదు. దాని బదులు ఇలా రాయవచ్చు: “రాయ్‌పూర్‌లో 12వ తరగతి చదివిన తెలుగు పిల్లలకు ఏపీ, తెలంగాణ ఇంజినీరింగ్ సీట్లు: లోకల్, నాన్ లోకల్ నిబంధనలపై మీ ప్రశ్నలకు జవాబులు.” ఈ ఒక్క వాక్యంలో ఎవరి కోసమో, దేని మీదో, ఏ రాష్ట్రాలకో ఉంది. డ్యూటీలో ఉన్న ఆ తండ్రికి ఇది తన గురించేనని మొదటి చూపులోనే తెలుస్తుంది.

దాని కింద రెండు మూడు నమూనా ప్రశ్నలు పెడితే పరిధి మరింత స్పష్టమవుతుంది. “పదో తరగతి వరకు విజయనగరంలో, తర్వాత రాయ్‌పూర్‌లో చదివితే లోకల్ అవుతారా?”, “తండ్రి ఉద్యోగరీత్యా బయట ఉంటే ఏ ధ్రువపత్రం కావాలి?” లాంటివి. నమూనా ప్రశ్న చూసినవారికి తమ సందేహాన్ని ఎలా అడగాలో కూడా తెలుస్తుంది. ఎంత వివరం ఇవ్వాలో విడిగా చెప్పనక్కర్లేదు.

పరిధిలోకి రానిదాన్ని కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి. “నీట్, మెడికల్ సీట్లు, కాలేజీల ఎంపిక ఈసారి లేవు.” ఇలా రాస్తే కటువుగా ఉంటుందేమోనని నిర్వాహకులు వెనుకాడతారు. కానీ ఓ అరగంట ఎదురుచూసి, చివరికి ‘ఇది మా విషయం కాదు’ అనిపించుకోవడమే అడిగినవారికి ఎక్కువ కష్టం.

జవాబు చెప్పేది ఎవరన్నది కూడా విషయంలో భాగమే. పేరుతో పాటు, ఈ విషయం ఆయనకు ఎలా తెలుసో ఒక ముక్క రాయాలి. ఆయన అధికారిక ప్రతినిధి కాకపోతే ఆ మాట కూడా రాయాలి. లోకల్ అవునా కాదా అన్నదాంట్లో తుది మాట ఆ ఏటి అధికారిక ప్రకటనదే కాబట్టి, ఈ హెచ్చరిక లేకుండా ఆహ్వానం బయటికి వెళ్లకూడదు.

సమయం: రెండు గడియారాలు

‘ఈ ఆదివారం సాయంత్రం’ అన్న మాట రాసిన రోజున సరిగ్గానే ఉంటుంది. కానీ ఆహ్వానం రాసినచోట ఉండిపోదు. వాట్సాప్‌లో ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకు వెళ్తూ పది రోజుల తర్వాత ఎవరి చేతిలోనో తేలుతుంది. అప్పుడు ‘ఈ ఆదివారం’ ఏ ఆదివారం? ‘ఈరోజు’, ‘రేపు’, ‘వచ్చే వారం’ అన్న మాటలన్నిటికీ ఇదే బలహీనత. అందుకే తేదీ, వారం, సంవత్సరం మూడూ రాయాలి. తేదీతో పాటు వారం ఎందుకంటే, రెండింటిలో ఒకటి తప్పు పడితే మరొకటి పట్టిస్తుంది. సంవత్సరం ఎందుకంటే, ప్రవేశాల మీద పెట్టిన కార్డు మళ్లీ ఏడాది అదే నెలలో తిరుగుతూ కనిపించడం మామూలే.

గంట రాసేటప్పుడు పూట కూడా రాయాలి. ‘7.30కు’ అంటే ఉదయమా, రాత్రా? కొందరు సాయంత్రం ఏడున్నర అంటారు, కొందరు రాత్రి ఏడున్నర అంటారు. ఏది రాసినా ఫర్వాలేదు, పూట మాత్రం ఉండాలి. గడువుకు ‘శనివారం రాత్రి 12’ అని ఎప్పుడూ రాయవద్దు. అది శుక్రవారం ముగిసే అర్ధరాత్రో, శనివారం ముగిసే అర్ధరాత్రో పదిమందికీ ఒకేలా అర్థం కాదు. ‘శుక్రవారం రాత్రి 9 లోగా’ అంటే ఎవరికీ అనుమానం రాదు.

రాయ్‌పూర్ పేజీని రాయ్‌పూర్‌లో ఉన్నవారే చూడరు. ఇక్కడ పెరిగి గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లినవారు తమ్ముడి కోసమో, మేనకోడలి కోసమో చూస్తుంటారు. కాబట్టి ‘భారత కాలమానం’ అని రాసి, అవసరమైతే ఒకటి రెండు నగరాల సమయం కలపాలి. రాత్రి 7.30 అంటే దుబాయ్‌లో సాయంత్రం 6 గంటలు. ఏడాది పొడవునా అంతే. న్యూయార్క్‌కు మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. మన రాత్రి 7.30 జూన్‌లో వారికి ఉదయం 10 గంటలైతే, జనవరిలో ఉదయం 9. నిరుడు శీతాకాలంలో రాసుకున్న లెక్కను వేసవిలో అలాగే అతికిస్తే గంట తేడా వస్తుంది.

ఇక అసలు సంగతి. జవాబుల సమయానికి ఆరంభంతో పాటు ముగింపు కూడా చెప్పాలి. 2012 ఆగస్టు 29న అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా రెడిట్‌లో ప్రశ్నలు ఆహ్వానించినప్పుడు తానెవరో చెప్పి, తూర్పు తీర సమయం ప్రకారం సుమారు 4.30 నుంచి అరగంట జవాబులిస్తానని రాశారు. రాస్తున్నది తానేనని నమ్మడానికి తన ట్విటర్ ఖాతాను ఆధారంగా చూపారు. ఆ కాస్త సమయంలో ఆయన చెప్పగలిగినవి పది జవాబులు. అంటే ఒక్కో జవాబుకు దాదాపు మూడు నిమిషాలు.

ఈ లెక్క మీ ఆహ్వానానికీ వర్తిస్తుంది. నోటితో చెప్పే జవాబుకు, ప్రశ్న చదవడంతో కలిపి, నాలుగు నిమిషాలు వేసుకుంటే గంటలో పదిహేను ప్రశ్నలు. నలభై వచ్చాయంటే ఇరవై అయిదు మిగిలిపోతాయి. ఆ విషయం ముందే చెప్పాలి: “గంటలో పదిహేను ప్రశ్నలు తీసుకుంటాం. ఒకే రకమైనవి కలిపి చెబుతాం. మిగిలినవాటికి వారంలోగా రాతపూర్వకంగా జవాబిస్తాం.” చివరి వాక్యం నిలబెట్టుకోగలిగితేనే రాయండి. నిలబెట్టుకోలేకపోతే, మిగిలినవి ఈసారికి తీసుకోలేమని రాయడం నయం.

ప్రశ్నలు పంపే గడువు జవాబుల కంటే కనీసం ఒకటి రెండు రోజుల ముందు ఉండాలి. అలా ఉంటే జవాబు చెప్పేవారికి నిబంధనలు తిరగేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆదివారం డ్యూటీలో ఉండే తండ్రి గురువారమే పంపి, ఇంటికొచ్చాక రికార్డింగ్ చూసుకుంటాడు. అందుకు రికార్డింగ్ ఎక్కడ ఉంటుందో కూడా ఆహ్వానంలోనే చెప్పాలి.

పంపే దారి: ఒకటే, అందరికీ అందేది

‘మీ ప్రశ్నలు పంపండి’ అన్న వాక్యంలో ఎక్కడికి అన్నది లేదు. అలా వదిలేస్తే కొందరు వ్యాఖ్యల్లో రాస్తారు, కొందరు ఇన్‌బాక్స్‌లో, కొందరు నిర్వాహకుడి సొంత నంబరుకు పంపుతారు. మరికొందరు తమకు కార్డు పంపిన బంధువుకే జవాబు రాసి, పని అయిపోయిందనుకుంటారు. ఈ చివరివి ఎప్పటికీ మీ దాకా రావు.

కాబట్టి ఒక దారి ఎంచుకుని దాన్నే చెప్పాలి. ఏ దారిలో ఏ ఇబ్బందో ముందే తెలుసుకోవడం మంచిది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టే ప్రశ్నల పెట్టె సులువైనది. అడిగినది అందరికీ కనపడదు. మీరు దాన్ని జవాబుతో పంచుకున్నా అడిగినవారి పేరు బయటపడదు. కానీ స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది, దానితో పాటు పెట్టె కూడా. మూడు రోజుల గడువు ఇచ్చి స్టోరీ ఒక్కసారే పెడితే, రెండో రోజు చూసినవారికి దారి మూసుకుపోయినట్టే. రోజూ మళ్లీ పెట్టాలి, లేదా వేరే దారి చూసుకోవాలి.

హ్యాష్‌ట్యాగ్ ఎక్స్‌లో బాగా పనిచేస్తుంది. తెలంగాణలో కేటీఆర్ #AskKTR పేరుతో చేసిన ప్రశ్నోత్తరాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ట్యాగు చిన్నది, ఒకే రకంగా రాయగలిగినది కావడం అక్కడ కలిసొచ్చింది. తెలుగులో ట్యాగు పెట్టాలనుకుంటే మాత్రం ఒకసారి ఆలోచించాలి. రాయపూర్, రాయ్‌పూర్, రాయిపూర్ అని జనం మూడు రకాలుగా రాస్తారు. వెతికే యంత్రానికి అవి మూడు వేర్వేరు ట్యాగులు. పైగా హ్యాష్‌ట్యాగుతో అడిగిన ప్రశ్న అందరికీ కనిపిస్తుంది. కూతురి మార్కులు, ఇంటి ఆదాయం చెప్పాల్సిన ప్రశ్న ఎవరూ అలా అడగరు.

మన ఉదాహరణకు వాట్సాప్ నంబరు సరిపోతుంది. అందులో రాసి పంపవచ్చు, మాట్లాడి పంపవచ్చు. ఈ రెండోది రాయ్‌పూర్‌లో చాలా అవసరం. ఇక్కడి తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులు తెలుగు మాట్లాడతారు. హిందీ మాధ్యమంలోనో, ఇంగ్లిషు మాధ్యమంలోనో చదివిన పిల్లలకు తెలుగు మాట వచ్చినా లిపి రాకపోవచ్చు. ‘తెలుగులో రాసి పంపండి’ అంటే ప్రశ్న అడగాల్సిన పిల్లలే తప్పుకుంటారు. గొంతుతో అడగడం ఎంత దూరం వెళ్తుందో ఈ రాష్ట్రమే చూపించింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలుపెట్టిన ‘సీజీనెట్ స్వర’ అనే వాణి వేదికకు గ్రామస్థులు మామూలు ఫోన్ నుంచే తమ సమస్యలు రికార్డు చేసి పంపేవారు. గోండీ మాట్లాడేవారు గోండీలోనే చెప్పేవారు. అక్షరం రాకపోవడం అక్కడ అడ్డం కాలేదు.

గొంతు సందేశం తీసుకుంటే ఒక హద్దు పెట్టాలి. ‘ఒక నిమిషం లోపు’ అనండి. లేకపోతే కథ మొత్తం వస్తుంది, ప్రశ్న చివర్లో ఎక్కడో ఉంటుంది. ఏ వివరాలు కావాలో కూడా చెప్పాలి. లోకల్ విషయంలో జవాబు చెప్పాలంటే చివరి నాలుగేళ్లు ఏ ఊళ్లో చదివారు, తల్లిదండ్రులు ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లు ఉన్నారు అన్నవి కావాలి. అవి లేకుండా ‘మా పాపకు సీటు వస్తుందా?’ అని అడిగితే ఎంత తెలిసినవారైనా చెప్పలేరు. అలాగే ఏవి పంపకూడదో చెప్పాలి. ఆధార్, హాల్ టికెట్ నంబరు, ర్యాంకు కార్డు ఫొటో అడగకపోయినా పంపేస్తుంటారు. వద్దని ముందే రాస్తే వారికీ మీకూ మంచిది. జవాబు చెప్పేటప్పుడు పేరు చదువుతారా లేదా అన్నదీ అక్కడే తేల్చాలి.

చివరిగా ఒక చిన్న పని. చాలామంది ఆహ్వానాన్ని అందమైన బొమ్మగా తయారుచేసి వదులుతారు. బొమ్మలో ఉన్న నంబరును నొక్కితే వాట్సాప్ తెరుచుకోదు, లింకును నొక్కితే పేజీ రాదు. చూసి ఒక్కో అంకె కొట్టుకోవాలి. బొమ్మ పెట్టినా, అదే సమాచారం కింద అక్షరాల్లో కూడా ఉండాలి.

తిరగరాసిన ఆహ్వానం

పైన చెప్పినవన్నీ కలిపితే మొదటి ఆహ్వానం ఇలా మారుతుంది. నంబరు, పేరు ఉన్నచోట ఖాళీ వదిలాం.

“రాయ్‌పూర్‌లో 12వ తరగతి చదివిన తెలుగు పిల్లలకు ఏపీ, తెలంగాణ ఇంజినీరింగ్ సీట్లు: లోకల్, నాన్ లోకల్ నిబంధనలపై మీ ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్నలు పంపాల్సింది: 2026 జూన్ 5, శుక్రవారం రాత్రి 9 లోగా, వాట్సాప్ నంబరు ........ కు మాత్రమే. రాసి పంపవచ్చు, ఒక నిమిషం లోపు గొంతు సందేశమైనా పంపవచ్చు. తెలుగు, హిందీ ఏదైనా సరే.

జవాబులు: 2026 జూన్ 7, ఆదివారం రాత్రి 7.30 నుంచి 8.30 వరకు (భారత కాలమానం), మా పేజీలో లైవ్. దుబాయ్‌లో సాయంత్రం 6, న్యూయార్క్‌లో ఉదయం 10. రికార్డింగ్ అదే పేజీలో ఉంటుంది. మీరు ఆ సమయానికి రాలేకపోయినా ప్రశ్న పంపవచ్చు.

ప్రశ్నతో పాటు చెప్పండి: చివరి నాలుగేళ్లు ఏ ఊళ్లో చదివారు, తల్లిదండ్రులు ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లు ఉన్నారు. ఆధార్, హాల్ టికెట్, ర్యాంకు కార్డు పంపవద్దు. పేర్లు చదవం.

జవాబు చెప్పేది: ........, విశ్రాంత అధ్యాపకులు. ఇవి ఆయన అనుభవంతో చెప్పే మాటలు. తుది నిర్ణయం అధికారిక ప్రకటనదే. గంటలో పదిహేను ప్రశ్నలు తీసుకుంటాం. నీట్, కాలేజీల ఎంపిక ఈసారి లేవు.”

మొదటిదానికంటే ఇది పొడవు. కానీ చదివే వరుస గమనించండి. ఇది నా గురించేనా, నేనేం చేయాలి, ఎప్పుడు చూడాలి అన్నవి ముందొచ్చాయి. ప్రశ్నల గడువు జవాబుల సమయం కంటే పైన ఉంది, ఎందుకంటే చదివినవారు ముందు చేయాల్సిన పని అదే. ‘షేర్ చేయండి’ లేదు. పనికొచ్చే సమాచారం ఉంటే అడగకపోయినా పంపుతారు.

స్టోరీకో, గ్రూపులో గుర్తుచేయడానికో చిన్నది కావాలంటే మూడు ముక్కలు మిగలాలి: “లోకల్, నాన్ లోకల్ ఇంజినీరింగ్ సీట్లపై ప్రశ్నలు జూన్ 5 శుక్రవారం రాత్రి 9 లోగా ఈ వాట్సాప్ నంబరుకు. జవాబులు జూన్ 7 ఆదివారం రాత్రి 7.30కు మా పేజీలో.” ఇంతకంటే కుదిస్తే ఏదో ఒకటి పోతుంది.

గుర్తుచేసే సందేశాలు రెండు చాలు. గడువుకు ముందు రోజు ఒకటి, జవాబుల రోజు ఉదయం ఒకటి. రెండోదానిలో ‘ప్రశ్నలు పంపండి’ అన్న వాక్యం తీసేయాలి. గడువు దాటింది కదా. పాత సందేశాన్నే మళ్లీ పెట్టడం వల్ల జరిగే పొరపాటు ఇది. సమయం మార్చాల్సి వస్తే పాత పోస్టును సరిదిద్ది, ‘సమయం మారింది’ అని మొదటి వాక్యంలోనే రాసి, కొత్తగా మరోటి పెట్టాలి. గ్రూపుల్లోకి వెళ్లిపోయిన పాత కార్డును మీరు వెనక్కి తీసుకోలేరు. అందుకే పాత సమయాన్ని కూడా ప్రస్తావించి, అది చెల్లదని చెప్పాలి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

వచ్చిన సందేశాలే చెబుతాయి. ‘ఎప్పుడండీ?’, ‘లింకు ఎక్కడ?’ అని అడుగుతుంటే సమయం, దారి సరిగా రాయలేదన్నమాట. నీట్ కటాఫ్ గురించి, హాస్టళ్ల గురించి వస్తుంటే పరిధి తేలలేదు. ‘మా వాడికి సీటు వస్తుందా?’ అన్నవే ఎక్కువైతే ఏ వివరాలు కావాలో చెప్పలేదు. శుక్రవారం దాకా ఒక్కటీ రాక, ఆదివారం లైవ్ మొదలయ్యాక పదిహేను ఒక్కసారి వచ్చాయంటే, ముందే పంపవచ్చన్న మాట ఎవరి కంటా పడలేదు. ఈ లోపాలు మొదటి రోజే కనిపిస్తాయి కాబట్టి, గడువు ముగిసేలోపు సరిదిద్దుకోవచ్చు.

ప్రచురించే ముందు ఇంకో పరీక్ష ఉంది. ఈ విషయంతో సంబంధం లేని ఒకరికి ఆహ్వానం చూపించి, ఫోన్ తీసుకుని, మూడు ప్రశ్నలు వేయండి. దేని గురించి? ఎప్పటిలోగా పంపాలి, ఎప్పుడు చూడాలి? ఎక్కడికి పంపాలి? మళ్లీ చూడకుండా చెప్పగలిగితే చాలు. రెండో ప్రశ్నకు రెండు సమయాలూ చెప్పలేకపోతే ఆ వాక్యాలు ఇంకా విడిగా, ఇంకా పైన ఉండాలి.

ఆహ్వానం ఎంత బాగున్నా కొన్ని దాని చేతిలో ఉండవు. జవాబు చెప్పేవారు సిద్ధపడి రాకపోతే మంచి ప్రశ్నలు వచ్చినా వృథా. నిబంధన ఆ వారమే మారితే చెప్పిన జవాబు పనికిరాదు. ఆహ్వానం చేయగలిగింది ఒక్కటే: అడగాలనుకున్న మనిషికి, అడగడానికి ఏ అడ్డూ లేకుండా చూడటం. డ్యూటీ మధ్యలో ఫోన్ చూసిన ఆ తండ్రి ఈసారి దాన్ని జేబులో పెట్టుకోడు. అక్కడే నిలబడి, ఒక నిమిషంలో, కూతురి కోసం ప్రశ్న పంపేస్తాడు.